తెలుగు మీడియం పిల్లల ఆన్‌లైన్ ట్యూషన్‌కు పేరు పెట్టడం: చెవిన పడ్డ పేరు ఫోన్‌లో దొరకాలి

హన్మకొండలో మేం ముగ్గురం టీచర్లం కలిసి ఆన్‌లైన్ ట్యూషన్ మొదలుపెట్టిన తొలి నెలలో, పరకాల వైపు నుంచి ఒక తండ్రి ఫోన్ చేశాడు. "సార్, మీరు చెప్పిన పేరు కొడితే ఏవేవో వస్తున్నయ్. మీది వస్తలేదు" అన్నాడు. ఏం కొట్టారో స్క్రీన్‌షాట్ పెట్టమన్నాను. వెతికే డబ్బాలో `gyana` అని ఉంది. మా పేరు అప్పట్లో "జ్ఞాన"తో మొదలయ్యేది. యాప్‌కు మేం `jnana` అని పెట్టుకున్నాం. ఆ వారంలోనే ఇంకో తల్లి `gnana` అని కొట్టి, ఎవరిదో పోటీ పరీక్షల చానల్‌లోకి వెళ్లి, అదే మాది అనుకుని రెండు రోజులు చూసింది.

వాళ్ల తప్పు ఇసుమంత కూడా లేదు. జ్ఞ అనే అక్షరాన్ని ఇంగ్లీషులో ఎలా రాయాలో తెలుగువాళ్లలో ఏ ఇద్దరికీ ఒప్పందం లేదు. పేరు పెట్టేటప్పుడు అర్థం చూశాం, లోగో చూశాం. విన్న మనిషి దాన్ని ఫోన్‌లో ఎలా కొడతాడన్నది మాత్రం చూడలేదు. తర్వాత పేరు మార్చుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో నేర్చుకున్న పద్ధతే ఇక్కడ అడుగడుగునా చెబుతున్నాను. మా జాబితాలో ఉన్న మాటలనే ఉదాహరణలుగా తీసుకుంటాను. వాటిలో కొన్నింటిని ఎవరైనా ఇప్పటికే వాడుతుండొచ్చు కాబట్టి మాటల కంటే పద్ధతి మీద దృష్టి పెట్టండి.

మొదటి అడుగు: ఈ పేరు ఎవరి నోట ఎలా పలుకుతుందో రాసుకోండి

ఇంగ్లీషు మీడియం పిల్లల యాప్ సంగతి వేరు. అక్కడ తల్లిదండ్రులు ప్రకటనలో ఇంగ్లీషు స్పెల్లింగ్ చూస్తారు, అదే కొడతారు. మన దగ్గర పేరు నోటితో ప్రయాణిస్తుంది. బడిలో సారు చెబితే పిల్లాడు వింటాడు. ఇంటికొచ్చి నాన్నకు చెబుతాడు. ఫోన్ నాన్న దగ్గరే ఉంటుంది కాబట్టి ఆయన ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాడు, లేదంటే మైకు నొక్కి పలుకుతాడు. తెలుగు కీబోర్డు పెట్టుకుని తెలుగులోనే టైప్ చేసేవాళ్లు ఉన్నారు గానీ, మాకు ఫోన్ చేసిన తల్లిదండ్రుల్లో వాళ్లు తక్కువే. అంటే మీ పేరు మూడు నోళ్లు దాటి, ఒక లిపి నుంచి ఇంకో లిపిలోకి దూకి, అప్పుడు గానీ ప్లే స్టోర్‌కు చేరదు.

పైగా మన యాసలో మాట మారుతుంది. "చదువు" అని మీరు రాస్తారు. ఊళ్లో నాయనమ్మ "సదువు" అంటుంది. పిల్లాడు రెండూ అంటాడు. `chaduvu` అని పెట్టుకున్న పేరు `saduvu` అని వెతికితే వస్తుందని నమ్మకం లేదు. అలాగే మాట మధ్యలో ఉండే ఉకారాన్ని మనం మింగేస్తాం: ఎరుక "ఎర్క" అవుతుంది, అరుగు "అర్గు" అవుతుంది. ఇది తప్పని దిద్దడం మన పని కాదు. పేరును ఆ నోటికి సరిపోయేలా ఎంచుకోవడమే మన పని.

అందుకే ముందుగా ఒక కాగితం మీద నలుగురు మనుషుల్ని రాసుకోండి. ఎనిమిదో తరగతి పిల్ల, పదో తరగతి పిల్లాడు, పొలం పనిలో ఉన్న తండ్రి, బడిలో లెక్కలు చెప్పే సారు. మహబూబాబాద్, ములుగు వైపు పిల్లలు కూడా మీ దగ్గర చేరతారనుకుంటే, ఇంట్లో లంబాడీ మాట్లాడే ఒక పిల్లను కూడా చేర్చండి. ఆ పిల్లకు తెలుగే బడిలో నేర్చిన భాష. దాని మీద "విజ్ఞానవాహిని" లాంటి సంస్కృత సమాసం పెడితే రెండింతలు దూరమవుతుంది.

రెండో అడుగు: పేరులో ఉండకూడనివి ముందే తీసేయండి

మంచి మాటలు వెతకడం కంటే ముందు ఇది చేస్తే సగం గొడవ తప్పుతుంది.

అన్నిటికంటే ముందు తీసేయాల్సింది "తెలుగు మీడియం" అనే మాటే. వినడానికి వింతగా ఉండొచ్చు, మన ట్యూషనే తెలుగు మీడియం వాళ్లకు కదా అని. కానీ 2022లో "మన ఊరు - మన బడి" కార్యక్రమంతో పాటే తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టే నిర్ణయం వచ్చింది. ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు పిల్లల చేతికొచ్చాయి. ఈ రోజు మీ దగ్గరున్న ఏడో తరగతి పిల్ల పుస్తకంలో రెండు భాషలూ ఉండొచ్చు, ఆమెకు అర్థమయ్యేది మాత్రం తెలుగులో చెప్పినప్పుడే. మీ ట్యూషన్ ఆమెకే ఎక్కువ అవసరం. పేరులోనే మీడియం రాస్తే, రికార్డుల్లో ఇంగ్లీషు మీడియం అని ఉన్న ఆ పిల్ల తల్లి "ఇది మనది కాదు" అనుకుంటుంది. ఇంకో కారణం కూడా ఉంది, అది నాకు మరీ ముఖ్యం. మీడియం పేరుతో పిల్లల్ని చిన్నచూపు చూసే మాటలు మన చుట్టూ చాలా ఉన్నాయి. పిల్లాడి ఫోన్ తెర మీద ఆ ముద్ర మనం వేయకూడదు. మీడియం సంగతి పేరు పక్కన ఉండే వివరణ వాక్యంలో చెప్పండి. ఆ వాక్యాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

తరగతి కూడా అంతే. "టెన్త్" అని పెడితే ఎనిమిదో తరగతికి పాఠాలు మొదలుపెట్టిన రోజు ఇబ్బంది. "లెక్క" అన్న మాట మాకు చాలా నచ్చింది, ఎందుకంటే మన యాసలో "అన్న లెక్క" అంటే అన్నలాగా అని కూడా అర్థం. కానీ మరుసటి ఏడాది భౌతిక శాస్త్రం చెప్పాలనుకున్నాం. వదిలేశాం.

ఇక కాకతీయ, ఓరుగల్లు, తోరణం. మన వరంగల్‌లో ఈ మాటలు లేని వీధి లేదు. 1976లో వచ్చిన విశ్వవిద్యాలయం దగ్గర నుంచి మెడికల్ కాలేజీ, టిఫిన్ సెంటర్లు, ట్రావెల్స్ దాకా అన్నీ అవే. అభిమానం ఉండొచ్చు గానీ వెతికితే మీరు పదో పేజీలో ఉంటారు. జగిత్యాల తల్లికి అది వరంగల్ వాళ్ల వ్యవహారంలా కూడా వినిపిస్తుంది.

సర్కారు పేర్లకు దగ్గరగా వెళ్లకండి. బడిబాట, తొలిమెట్టు, మన ఊరు - మన బడి, టి-సాట్ విద్య ఇవన్నీ ప్రభుత్వానివి. "బడి" అనే చక్కటి మాట దీని వల్లే మనకు కష్టమైంది. బడితో ఏం కలిపినా తల్లిదండ్రులు సర్కారు పథకమనుకుంటారు, ఫీజు అడిగితే "ఇది ఫ్రీ కదా" అంటారు. ప్రభుత్వ అండ ఉన్నట్టు అనిపించే పేర్లను, చిహ్నాలను వ్యాపారానికి వాడకుండా 1950 నాటి చిహ్నాలు, పేర్ల చట్టం అడ్డుకుంటుంది. అలాగే "యూనివర్సిటీ" అనే మాట పేరులో పెట్టడానికి యూజీసీ చట్టం, 1956 ఒప్పుకోదు. సరదాకు పెట్టినా కుదరదు.

మూడో అడుగు: మాటలు ఏరుకోండి

ముప్ఫై మాటలు చాలు. నిఘంటువు తెరవకండి, చెవులు తెరవండి. మేం వారం రోజులు పిల్లలు మాట్లాడుకునే మాటలు, ఇంట్లో పెద్దవాళ్లు వాడే మాటలు ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాం. పలక, నిచ్చెన, తొవ్వ, ఎరుక, మొలక, మలుపు, కిటుకు, అరుగు, తేట, ఇలాంటివి.

రాసుకున్నాక ఒక్కో మాటను పదో తరగతి పిల్లాడి ముందు పెట్టండి. "మీ దోస్తులు ఎక్కడ ట్యూషన్ అని అడిగితే ఈ పేరు చెప్తవా?" అని అడగండి. పలక మాకు ఎంతో ఇష్టమైన మాట. ఒక పిల్లాడు ముఖం అదోలా పెట్టి, "చిన్నపిల్లలది లెక్క ఉంది సార్" అన్నాడు. ఒక్క మాటతో తేలిపోయింది. ఆరు నుంచి పది తరగతుల వాళ్లకు పలక, బలపం, ఓనమాలు, బుడుగు లాంటివి పనికిరావు. ఒకటి నుంచి ఐదు వాళ్లకైతే అవే బాగుంటాయి.

మొలక దగ్గర ఇంకో సంగతి తెలిసింది. రైతు ఇంట్లో ఆ మాట వినగానే విత్తనాల కంపెనీ గుర్తొస్తుంది. అర్థం మంచిదే అయినా వినే మనిషి బతుకులో ఆ మాట ఇప్పటికే ఇంకో పని చేస్తోంది.

నాలుగో అడుగు: ఒక్కో మాటకు స్పెల్లింగ్‌లు లెక్కపెట్టండి

అసలు పని ఇదే, కాబట్టి దీనికి ఒక సాయంత్రం మొత్తం ఇవ్వండి.

తెలుగు ధ్వనులు కొన్ని ఇంగ్లీషులోకి ఒకే దారిలో వెళ్తాయి, కొన్ని రెండు మూడు దారుల్లో వెళ్తాయి. మ, న, ప, ల, క, గ, ర, బ లాంటివి దాదాపు అందరూ ఒకేలా రాస్తారు. గొడవ పెట్టేవి ఇవి. త అయితే కొందరు `t`, కొందరు `th`. ద అయితే `d`, `dh`. వ అయితే `v`, `w`. మన ఊరి పేరే చూడండి, వరంగల్‌ను `Warangal` అని రాస్తాం, అదే వ ఉన్న వేములవాడకు `Vemulawada`. ఒకే పేరులో రెండు వలు, రెండు అక్షరాలు. శ, ష, స మూడూ కలిసిపోతాయి. ద్విత్వం వస్తే కొందరు రెండు అక్షరాలు, కొందరు ఒకటే. చ్చ మరీ కష్టం: `ch`, `cch`, `chch`. దీర్ఘాన్ని కొందరు `aa` అంటారు, కొందరు వదిలేస్తారు. మాట మొదట్లో ఎ ఉంటే `e` కాకుండా `ye`, ఒ ఉంటే `o` కాకుండా `vo` వచ్చే అవకాశం ఉంది. జ్ఞ గురించి చెప్పనే చెప్పాను. హన్మకొండ బోర్డులు చూస్తూ నడిస్తే ఇదంతా కళ్లెదుటే కనిపిస్తుంది. `Hanamkonda`, `Hanmakonda`, `Hanumakonda` ఒకే రోడ్డు మీద ఉంటాయి.

ఇప్పుడు మాటలను ఒక్కొక్కటిగా విడగొట్టండి. తొవ్వ తీసుకుందాం. దారి అని అర్థం, మన తెలంగాణ మాట, వింటేనే ఇంటి మనిషి పిలిచినట్టు ఉంటుంది. మొదటి అక్షరానికి `t` లేదా `th`, రెండు దారులు. వ్వకు `vv`, `v`, `w`, `ww`, నాలుగు దారులు. రెండు నాలుగులు ఎనిమిది. `tovva`, `thovva`, `tova`, `thova`, `towa`, `thowa` అని కాగితం నిండుతుంది. ఎనిమిది స్పెల్లింగ్‌లు ఉన్న పేరును ప్లే స్టోర్ ఊహించి పట్టుకోవడం అదృష్టం మీద ఆధారపడుతుంది. ఎంతో బాధగా దాన్ని కొట్టేశాం.

నిచ్చెన కూడా అంతే, చ్చ దగ్గర మూడు నాలుగు చీలికలు. తేట దగ్గర ఇంకో చిక్కు. మనవాళ్లు త అక్షరాన్ని `th` అని రాస్తారు కాబట్టి అది `theta` అవుతుంది, అది త్రికోణమితిలో కోణం గుర్తు. వెతికితే మొత్తం ప్రపంచం వస్తుంది, మీరు రారు.

ఎరుక మీద మేం రెండు రోజులు కొట్లాడుకున్నాం. "గది నాకెరుకే" అంటాం కదా, తెలియడం అనే అర్థం ఇంత ప్రాణంతో ఇంకో మాటలో లేదు. కానీ మొదట్లో ఎ, మధ్యలో మింగేసే ఉ. `eruka`, `yeruka`, `erka`, `yerka`. నాలుగు. దీనికి ఆరో అడుగులో చెప్పే ఇబ్బంది కూడా ఉంది.

ఇక అరుగు. అ, ర, ఉ, గ, ఉ. ఏ అక్షరానికీ రెండో దారి లేదు. `arugu`. నోటి యాస వల్ల `argu` అని ఒక చీలిక రావొచ్చు, మొదటి అక్షరం సాగదీసేవాళ్లు `aarugu` అనొచ్చు. మూడు, అందులో ఒకటే బలమైనది. అర్థం కూడా బాగుంది: ఇంటి ముందు కూర్చునే అరుగు. వెనకటి రోజుల్లో వీధి బడులు ఆ అరుగుల మీదే నడిచాయి. పైగా ప్లాట్‌ఫామ్ అనే ఇంగ్లీషు మాటకు ఇంతకంటే దగ్గరి ఇంటిమాట నాకు తోచలేదు.

నా కొలత ఏమిటంటే: స్పెల్లింగ్‌లు మూడు దాటితే ఆ మాటను పక్కన పెట్టండి. రెండు మూడు ఉంటే తర్వాతి పరీక్షకు పంపండి.

ఐదో అడుగు: ఫోన్‌లో చెప్పి, టైప్ చేయించండి

కాగితం మీద లెక్క ఒక అంచనా మాత్రమే. నిజం మనుషుల దగ్గర తేలుతుంది. మిగిలిన నాలుగైదు మాటలు తీసుకుని పన్నెండు మందికి ఫోన్ చేయండి. మీ స్టాఫ్ రూమ్ వాళ్లు వద్దు, తల్లిదండ్రులు కావాలి. వయసు, ఊరు వేరువేరుగా ఉంటే మంచిది. ఎదురుగా కూర్చోబెట్టకుండా ఫోన్‌లోనే చేయండి, ఎందుకంటే నెట్‌వర్క్ గరగర, ట్రాక్టర్ చప్పుడు కూడా పరీక్షలో భాగమే.

మాట ఒక్కసారి, మామూలుగా ఒక వాక్యంలో చెప్పండి. "అన్నా, పిల్లల ట్యూషన్‌కు అరుగు అని పేరు అనుకుంటున్నం. ఆ పేరు వాట్సాప్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపు." అంతే. స్పెల్లింగ్ అడిగితే "నీకు ఎట్ల తోస్తే అట్ల" అనండి. ఒక్కో మనిషికి రెండు మాటల కంటే ఎక్కువ ఇవ్వొద్దు, లేకపోతే మూడో మాటకు ఆలోచించి, దిద్దుకుని పంపుతారు. ఆలోచించని జవాబే మనకు కావాలి.

వచ్చిన మెసేజ్‌లను పక్కపక్కన రాయండి. పన్నెండు మందిలో ఎనిమిది మందైనా ఒకే స్పెల్లింగ్ కొడితే పేరు నిలబడినట్టే. ఐదు, నాలుగు, మూడుగా చీలితే నిలబడనట్టే, అర్థం ఎంత బాగున్నా సరే. మా పరీక్షలో అరుగు సులువుగా దాటింది. ఒకరిద్దరి ఫోన్లు మాత్రం `argu` అని కొట్టగానే దాన్ని `argue` అని దిద్దేశాయి. ఇలాంటిది కనిపిస్తే రాసి పెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది. పలకను కూడా ఇదే పరీక్షకు పెట్టి చూశాం. స్పెల్లింగ్ దాదాపు ఒకటే వచ్చింది గానీ, చివరి అక్షరం వదిలేసిన ఒకరిద్దరికి `palak` అని వెతికితే పాలకూర కూరలు వచ్చాయి.

తర్వాత తిరగేసి చేయండి. ఇంగ్లీషు స్పెల్లింగ్ మాత్రమే రాసిన చీటీని ఒక ఏడో తరగతి పిల్లకు చూపించి చదవమనండి. `arugu` చూసి అరుగు అందా, ఆరుగు అందా? `nichena` చూసి "నిచేన" అంటే ఆ పేరు తన అర్థాన్ని పోగొట్టుకుంది. ఐదుగురు పిల్లలు చాలు.

మూడోది మైకు. ప్లే స్టోర్‌లో, యూట్యూబ్‌లో మైకు నొక్కి పేరు పలకండి, తెర మీద ఏం వచ్చిందో చూడండి. ఫోన్ భాష ఇంగ్లీషులో ఉన్నప్పుడు ఒకసారి, తెలుగులో ఉన్నప్పుడు ఒకసారి. రెండు జవాబులూ వేరుగా ఉంటాయి. మీ గొంతుతో కాకుండా ఇంట్లో పెద్దావిడ గొంతుతో చేయించండి. చదువుకున్న గొంతును యంత్రం త్వరగా పడుతుంది, మనకు కావలసింది మామూలు గొంతు.

ఆరో అడుగు: ఆ మాటకు ఇంకెవరి దగ్గరైనా ఇంకో అర్థం ఉందా?

ఎరుక గురించి ఇక్కడ చెప్పాలి. ఎరుకల అనేది ఒక గిరిజన తెగ పేరు. ఎరుక చెప్పడం అంటే సోది చెప్పడం. మనం తెలివి అనే అర్థంలో పెట్టినా ఆ తెగ పిల్ల బడిలో తోటివాళ్ల ఎగతాళికి గురయ్యే అవకాశం మనమే ఇచ్చినట్టవుతుంది. అందుకే నేను దాన్ని వదిలేయమన్నాను, మిగతా ఇద్దరికీ అది చివరిదాకా నచ్చింది.

వరంగల్‌లో, కరీంనగర్‌లో ఉర్దూ, హిందీ మాట్లాడే ఇళ్లు చాలా ఉన్నాయి. వాళ్ల చెవికి వినిపించండి. బడి అంటే వాళ్లకు పెద్దది అని వినబడుతుంది. గంట అంటే హిందీలో ఒక మోటు వెక్కిరింపు కూడా. "బడిగంట" మాకు మొదట ఎంత నచ్చిందో, మా ఆటో డ్రైవర్ నవ్విన నవ్వు విన్నాక అంత త్వరగా వదిలేశాం. అరుగుకు ఉన్న ఇంకో అర్థం అన్నం అరగడం. "తిన్నది అరుగుతలేదు" అంటాం. ఇది ఎవరినీ నొప్పించేది కాదు, ఆ పోలిక వచ్చినా నష్టం లేదని మేం తేల్చుకున్నాం. ప్రతి మాటకూ ఏదో ఒక పక్క అర్థం ఉంటుంది. అది పిల్లలను చిన్నబుచ్చుతుందా లేదా అన్నదే చూడాలి.

ఏడో అడుగు: వేరేవాళ్లది కాదని తేల్చుకోండి

ఒకటో రెండో పేర్లు మిగిలాక ఈ పని మొదలుపెట్టండి, ముప్ఫై పేర్లకూ చేస్తే అలసిపోతారు. ముందుగా గూగుల్, ప్లే స్టోర్, యూట్యూబ్‌లలో తెలుగు లిపిలోనూ, నాలుగో అడుగులో రాసుకున్న ప్రతి స్పెల్లింగ్‌తోనూ వెతకండి. పిల్లల చదువుకు సంబంధించి అదే పేరు కనబడితే ఆగిపోండి. అదే పేరుతో పచ్చళ్ల దుకాణం ఉంటే అది వేరే సంగతి.

తర్వాత ట్రేడ్‌మార్క్. కేంద్ర ప్రభుత్వ ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో పబ్లిక్ సర్చ్ ఉచితం. ట్రేడ్‌మార్క్ కోసం సరుకులను, సేవలను తరగతులుగా విడదీస్తారు. చదువు, శిక్షణ సేవలు 41వ తరగతిలోకి వస్తాయి, డౌన్‌లోడ్ చేసుకునే యాప్ 9వ తరగతిలోకి వస్తుంది. రెండింట్లోనూ వెతకాలి. అక్కడ అక్షరాల ప్రకారం వెతకడంతో పాటు ధ్వని ప్రకారం వెతికే ఫొనెటిక్ పద్ధతి కూడా ఉంటుంది. అది తప్పక వాడండి, ఎందుకంటే స్పెల్లింగ్ వేరైనా వినడానికి ఒకేలా ఉంటే అభ్యంతరం వస్తుంది. ట్రేడ్‌మార్క్ చట్టం, 1999లో రెండు సెక్షన్లు తెలుసుకుంటే చాలు. సెక్షన్ 11, ఇప్పటికే ఉన్న గుర్తుకు దగ్గరగా ఉంటే ఆపుతుంది. సెక్షన్ 9, సేవను వర్ణించే మామూలు మాట అయితే ఆపుతుంది. "తెలుగు ట్యూషన్", "చదువు" లాంటివి రెండోదానికి దొరుకుతాయి. తెలుగు మాట కదా, అధికారికి అర్థం తెలియదులే అనుకోకండి. తెలుగు లిపిలో దరఖాస్తు చేస్తే ఆ మాట ఉచ్చారణనూ అర్థాన్నీ ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ మీరే రాసివ్వాలి. అరుగు లాంటి మాటకు ఇక్కడ బలం ఉంది. ఇంటి ముందు గట్టు అనే అర్థం ట్యూషన్ సేవను నేరుగా వర్ణించదు.

మన తెలంగాణ దరఖాస్తులు చెన్నై రిజిస్ట్రీ కిందికి వస్తాయి, కానీ అంతా ఆన్‌లైన్‌లోనే. వ్యక్తిగతంగా గానీ, గుర్తింపు పొందిన స్టార్టప్ లేదా చిన్న సంస్థగా గానీ ఆన్‌లైన్‌లో వేస్తే తరగతికి 4,500 రూపాయలు, మిగతా సంస్థలకు 9,000. రెండు తరగతులకు వేసే టీచర్లకు 9,000 అవుతుందన్నమాట. డబ్బు తక్కువైతే ముందు 41తో మొదలుపెట్టండి. పరిశీలన నివేదికలో అభ్యంతరం వస్తే నెలలోపు జవాబివ్వాలి. ఆ తేదీ దాటిపోయి దరఖాస్తు పోగొట్టుకునేవాళ్లు చాలామంది, కాబట్టి మెయిల్ చూస్తూ ఉండండి. ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో వచ్చాక నాలుగు నెలలు ఎవరైనా వ్యతిరేకించవచ్చు. ఎవరూ రాకపోతే నమోదవుతుంది, పదేళ్లు చెల్లుతుంది. నమోదు కాకముందే పేరు పక్కన వృత్తంలో ఆర్ గుర్తు పెట్టకండి, అది నేరం. టీఎం అని పెట్టుకోవచ్చు.

ఎనిమిదో అడుగు: తర్వాత మార్చలేని చోట్ల జాగ్రత్తగా పెట్టండి

ప్లే స్టోర్‌లో యాప్ పేరు ఎన్నిసార్లయినా మార్చవచ్చు. కానీ యాప్ లోపల ఉండే ప్యాకేజీ పేరు, అంటే `in.arugu.app` లాంటిది, ఒకసారి విడుదల చేశాక మారదు. యాప్ చేసే అబ్బాయికి పేరు తేలేదాకా ఆగమని చెప్పండి. మా పాత `jnana` ఇప్పటికీ ఆ లింకులోనే మిగిలిపోయింది.

ప్లే స్టోర్ పేరుకు 30 అక్షరాల హద్దు ఉంది. తెలుగులో గుణింతాలు, పొల్లులు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. "అరుగు" చూడటానికి మూడు అక్షరాలే గానీ, కంప్యూటర్ లెక్కలో ఐదు. "అరుగు: తెలుగు మీడియం ట్యూషన్" అని రాస్తే 28 అవుతుంది, సరిపోయింది. పేరు కొత్త మాట, వివరణ పాత మాట. మీడియం అనే మాటకు చోటు ఇక్కడ. రేపు అవసరం మారితే వివరణ ఒక్కటే మార్చుకోవచ్చు.

తల్లిదండ్రులకు వెళ్లే ఎస్‌ఎంఎస్ సంగతి కూడా ఇప్పుడే చూడండి. తెలుగు లిపిలో ఒక మెసేజ్‌కు 70 అక్షరాలే, ఇంగ్లీషులో 160. పేరే ఇరవై తింటే పాఠం సమయం చెప్పడానికి రెండో మెసేజ్ ఖర్చు పడుతుంది. పంపేవాళ్ల పేరు చోట వచ్చే హెడర్ ఆరు ఇంగ్లీషు అక్షరాలది. పొడుగు పేరును ఆరుకు కుదిస్తే అచ్చులన్నీ పోయి ఎవరిదో బ్యాంకు మెసేజ్‌లా కనిపిస్తుంది. తల్లి దాన్ని తెరవదు.

ఐకాన్ మీద తెలుగులో రాసేటట్టయితే చిన్న ఫోన్‌లో చూసి ఒప్పుకోండి. ఒత్తులున్న మాటల్లో కింది ఒత్తు కరిగిపోతుంది. మూడు అక్షరాల పేరులో ఆ భయం లేదు.

డొమైన్ కోసం `.in` చాలు. `.భారత్` కూడా తెలుగులో దొరుకుతుంది, గౌరవంగా తీసిపెట్టుకోండి గానీ దాన్ని కొట్టే తల్లిదండ్రులు ఇప్పటికి తక్కువ. ఫోన్ పరీక్షలో రెండో స్థానంలో వచ్చిన స్పెల్లింగ్‌తో ఇంకో డొమైన్ కొని అసలు సైటుకు మళ్లించండి. ఏడాదికి ఆ కొద్ది ఖర్చు వల్ల దారి తప్పిన వాళ్లు మీ దగ్గరికే వస్తారు.

విడుదలయ్యాక రెండో వారం నుంచి యూట్యూబ్ స్టూడియోలో, ప్లే కన్సోల్‌లో మీ దగ్గరికి ఏ మాటలు వెతికి వచ్చారో చూడండి. మీరు ఊహించని స్పెల్లింగ్ ఒకటి తప్పక కనబడుతుంది. దాన్ని చానల్ కీవర్డ్‌లలో, మీ వెబ్‌సైట్‌లోని "మా పేరు ఇలా కూడా రాస్తారు" అనే వాక్యంలో చేర్చండి. ప్లే స్టోర్ వివరణలో మాత్రం స్పెల్లింగ్‌ల జాబితా పెట్టకండి, అలాంటి మాటల కుప్పలను వాళ్ల నిబంధనలు ఒప్పుకోవు, యాప్‌నే తీసేయవచ్చు. మా దగ్గర ఈ పని ప్రతి నెలా మొదటి శనివారం లెక్కల సారు చేస్తారు. కొత్త స్పెల్లింగ్ దొరికితే బడి గోడకు అంటించిన మా ట్యూషన్ కాగితం మీద తెలుగు పేరు కిందే ఇంగ్లీషు అక్షరాలను మార్కర్‌తో ఇంకొంచెం పెద్దగా రాసి, దాని ఫొటో గ్రూపులో పెడతారు.